ఏడుపుకి సరే, ఫోన్‌కి కాదు



ఈ ఏడాది పిల్లల్ని నర్సరీలో చేర్చినవారి కోసం పెట్టిన సమావేశంలో ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే. "పేచీ పెట్టినప్పుడు పిల్లల మనసు అర్థం చేసుకోమంటారు. అలా అర్థం చేసుకుంటూ పోతే రేపు నెత్తికెక్కి కూర్చోరా?" అక్కడ తొందరలో క్లుప్తంగా చెప్పిన జవాబు ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. రెండేళ్లు, మూడేళ్ల పిల్లలు ఇంట్లో ఉన్న మిగతావారికి కూడా ఇది పనికొస్తుంది.

నా అభిప్రాయం ఇది. పేచీలో రెండు విషయాలు కలిసి ఉంటాయి. ఒకటి బిడ్డకు వచ్చిన కోపం, దుఃఖం. రెండోది ఆ బిడ్డ అడుగుతున్న వస్తువు. మొదటిదాన్ని ఎప్పుడూ ఒప్పుకోవచ్చు. రెండోదాన్ని ఇవ్వాలా వద్దా అన్నది ఏడుపుతో సంబంధం లేకుండా మనం తేల్చుకోవాలి. ఈ రెండింటినీ ఒకే మూటగా చూడటం వల్లే చిక్కంతా వస్తోంది. కొందరు "ఏమైందని ఆ ఏడుపు, నోర్ముయ్" అని రెండింటినీ తోసేస్తారు. కొందరు "అయ్యో నా బంగారం" అని రెండింటినీ ఇచ్చేస్తారు. భావానికి హద్దు పెట్టొద్దు, పనికి హద్దు పెట్టండి అన్న ఈ సూత్రం కొత్తదేమీ కాదు. పిల్లల మనస్తత్వ నిపుణుడు హెయిమ్ గినాట్ 1965లో వచ్చిన తన పుస్తకంలోనే దీన్ని తల్లిదండ్రులకు వివరించారు.

రెండున్నరేళ్ల పిల్లవాడు నాటకం ఆడటం లేదు. వాడికి కావాలన్న కోరిక ఉంది, దాన్ని చెప్పేంత మాట ఇంకా రాలేదు, ఆపుకునే శక్తి అసలే లేదు. మెదడులో ఆ నిగ్రహాన్ని చూసుకునే భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటుతుంది. కాబట్టి కోపం నిజమైనదే. అయితే అదే పిల్లవాడు ఏడిస్తే ఏం దొరుకుతుందో కూడా చాలా త్వరగా నేర్చుకుంటాడు. ఈ రెండు మాటలూ నిజమే. ఒకదాన్ని మాత్రమే పట్టుకుంటే దారి తప్పుతాం.

అందరి ఇళ్లలోనూ ఉన్న ఒక సమస్య తీసుకుందాం. అన్నం తినేటప్పుడు ఫోన్. రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దని, రెండు నుంచి ఐదేళ్లవారికి రోజుకు గంట మించవద్దని భారత పిల్లల వైద్యుల సంఘం 2021లో సూచించింది. ఆ గంట కూడా అన్నం పళ్లెం ముందు గడిస్తే, పిల్లవాడు ఆకలిని, కడుపు నిండటాన్ని గమనించకుండానే మింగుతాడు. సరే, మీరు మానిపించాలని నిర్ణయించుకున్నారు. రాత్రి ఎనిమిది గంటలు. ఏం చేయాలి?

ముందు మాట పేచీకి ముందే పడాలి. సాయంత్రం ఆడుకుంటున్నప్పుడే "ఇవాళ్టి నుంచి అన్నం తినేటప్పుడు ఫోన్ ఉండదు నాన్నా" అని ఒక్కసారి చెప్పండి. తినే సమయానికి అందరి ఫోన్లూ బీరువాలోనో, కంటికి కనబడని ఇంకో చోటో ఉండాలి. మీ చేతిలో ఫోన్ ఉంచుకుని వాడికి లేదనడం ఏ పిల్లవాడికీ మింగుడుపడదు.

ఏడుపు మొదలవుతుంది. పళ్లెం తోసేయవచ్చు, నేలమీద పడి కాళ్లు కొట్టుకోవచ్చు. అప్పుడు వాడి ఎత్తుకు వంగి కూర్చోండి. మామూలు గొంతుతో, "ఫోన్ కావాలి నీకు. లేదన్నానని కోపం వచ్చింది" అనండి. ఒక్క క్షణం ఆగి, "తినేటప్పుడు ఫోన్ లేదు" అనండి. అంతే. ఈ రెండు వాక్యాల మధ్య "కానీ" పెట్టకండి. "కోపం వచ్చిందిలే, కానీ..." అనగానే మొదటి మాట చెల్లకుండా పోతుంది. ఫోన్ చూస్తే కళ్లు పాడవుతాయని, మంచి పిల్లలు అలా చేయరని పాఠం మొదలుపెట్టకండి. ఆ సమయంలో అది చెవికెక్కదు.

ఇక్కడ ఒక పరిశోధన ఉపయోగపడుతుంది. అమెరికాలో పోటెగల్, డేవిడ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పిల్లల పేచీల గురించి తల్లిదండ్రులు చెప్పిన వివరాలను విశ్లేషించి 2003లో ఫలితాలు ప్రచురించారు. మూడు వంతులు పేచీలు ఐదు నిమిషాల్లోపే ముగిశాయి. అందులో కోపం మొదట్లోనే శిఖరానికి చేరి తగ్గిపోతుంది, దుఃఖం చివరిదాకా ఉంటుంది. ఈ తేడా చెవితో పట్టుకోవచ్చు. అరుపు, తన్నులు, విసరడం ఉన్నంతసేపు కోపం. అప్పుడు ఎత్తుకోబోతే ఇంకా విదిలించుకుంటాడు. మాట్లాడకుండా పక్కన కూర్చోండి. కొట్టబోతే చెయ్యి మెల్లగా పట్టుకుని "కొట్టనివ్వను" అని మాత్రం అనండి. అరుపు వెక్కిళ్లుగా మారి, వాడు మీవైపు చూసినప్పుడు చేతులు చాచండి. అప్పుడు ఒళ్లోకి వస్తాడు.

ఒళ్లోకి తీసుకోవడం లొంగిపోవడం కాదు. ఫోన్ బీరువాలోనే ఉంది కదా. కాసేపయ్యాక "పప్పన్నం తింటావా, పెరుగన్నమా?" అని అడగండి. రెండూ మీకు ఇష్టమైన జవాబులే, ఎంచుకునే పెత్తనం వాడిది. తినకపోతే బలవంతం వద్దు, తిట్లు వద్దు, పళ్లెం తీసేయండి. పడుకునే ముందు రోజూ తాగే పాలు మామూలుగానే ఇవ్వండి. ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడికి ఒక పూట అన్నం తక్కువైతే ఏమీ కాదు. బరువు తక్కువగా ఉన్నా, ఏదైనా జబ్బుకు మందులు వాడుతున్నా మాత్రం ఇది మొదలుపెట్టే ముందు మీ పిల్లల డాక్టరుతో మాట్లాడండి.

ఇప్పుడు అసలు తిప్పలు వచ్చే చోటికి వద్దాం. మొదటి రోజు ఐదు నిమిషాలు ఏడ్చినవాడు మూడో రోజు పదిహేను నిమిషాలు, ఇంకా గట్టిగా ఏడవవచ్చు. "ఈ పద్ధతి పనిచేయడం లేదు, ఇంకా ఎక్కువైంది" అని చాలామంది ఇక్కడే వదిలేస్తారు. నిజానికి ఇది ఎదురుచూడవలసిన మలుపే. ఇన్నాళ్లూ పనిచేసిన ఉపాయం హఠాత్తుగా ఆగిపోతే ఎవరైనా ముందు దాన్నే ఇంకా గట్టిగా ప్రయత్నిస్తారు. లిఫ్ట్ రాకపోతే మనం బటన్ పదిసార్లు నొక్కమా?

పదిహేనో నిమిషంలో విసిగిపోయి "తీసుకో, చూసి చావు" అని ఫోన్ ఇచ్చారనుకోండి. ఏడిస్తే దొరకదని వాడు నేర్చుకోలేదు. పదిహేను నిమిషాలు ఏడిస్తే దొరుకుతుందని నేర్చుకున్నాడు. ఒకరోజు ఇచ్చి, రెండు రోజులు ఇవ్వకుండా ఉంటే ఇంకా కష్టం. ఎప్పుడో ఒకసారి దొరికేదాన్ని వదులుకోవడం, ప్రతిసారీ దొరికేదాన్ని వదులుకోవడం కన్నా చాలా కష్టమని ప్రవర్తన శాస్త్రం ఎప్పుడో తేల్చింది. అందుకే నేను ఇచ్చే సలహా కొందరికి వింతగా తోస్తుంది. ఇవ్వదలచుకుంటే ఏడుపు మొదలవకముందే నవ్వుతూ ఇచ్చేయండి. ఒకసారి వద్దన్నాక, ఏడుపు మొదలయ్యాక ఇవ్వకండి. మీరు వద్దనడమే పొరపాటని మధ్యలో తోచినా, ఆ పూటకు మాటమీద ఉండి, శాంతంగా ఉన్న మరునాడు నియమం మార్చండి. ఇలా చేయాలంటే రోజుకు చెప్పే "వద్దు"లు తగ్గించుకోవాలి. నిలబెట్టుకోగలిగిన మూడు నాలుగు నియమాలు చాలు. ఎర్రచొక్కా వేసుకుంటానని పేచీ పెడితే వేసుకోనివ్వండి.

మన ఇళ్లలో ఇంకో మాట చెప్పకపోతే ఇదంతా కాగితం మీదే ఉంటుంది. పగలంతా పిల్లవాణ్ణి చూసేది చాలాచోట్ల నానమ్మో, అమ్మమ్మో. వాడు ఏడుస్తుంటే ఆవిడ ప్రాణం విలవిల్లాడుతుంది, కొంగుచాటున ఫోన్ ఇచ్చేస్తుంది. పిల్లవాడి ముందు ఆవిణ్ణి తప్పుపడితే పంతం పెరుగుతుంది. వాడు నిద్రపోయాక కూర్చుని, "అత్తయ్యా, ఏడ్చినప్పుడు మీరు ఎత్తుకోండి, కథ చెప్పండి, ఏదైనా చేయండి. ఆ ఫోన్ ఒక్కటి మాత్రం ఇవ్వొద్దు" అని అడగండి. ఓదార్చే హక్కు ఆవిడకే వదిలి, ఒక్క వస్తువునే మినహాయిస్తే చాలామంది పెద్దవాళ్లు ఒప్పుకుంటారు. "బూచోడు పట్టుకెళ్తాడు" అన్న బెదిరింపు కూడా మాన్పించండి. దానితో ఏడుపు ఆగుతుంది కానీ కోపం పోయి భయం వస్తుంది.

పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది? ఏడుపు ఆగిపోవడం గుర్తు కాదు. రెండు మూడు వారాల్లో పేచీ పొట్టిదవుతుంది. అయిపోయాక వాడే మీ దగ్గరకు వస్తాడు. ఒకరోజు పళ్లెం తోసేయడానికి బదులు "కోపం వచ్చింది" అంటాడు. ఆ మాట మీ నోట విన్నదే. మీరు ఆ మాటను ఏడుపు ఆపే మంత్రంలా వాడుతుంటే, "అర్థమైంది, అర్థమైంది, ఇక ఊరుకో" అంటుంటే మాత్రం ఆ మార్పు రాదు.

అన్ని పేచీలూ ఇంట్లో సర్దుకునేవి కావు. తరచుగా అరగంట దాకా సాగుతున్నా, తల గోడకు బాదుకోవడం, తనను తాను కొరుక్కోవడం ఉన్నా, రోజుకు ఐదారుసార్ల చొప్పున చాలా రోజులు వస్తున్నా, వచ్చిన మాటలు పోతున్నా డాక్టరుకు చూపించండి. ఏడుస్తూ ఊపిరి బిగబట్టి నీలంగా మారే పిల్లలను కూడా తప్పక చూపించాలి. వారిలో కొందరికి రక్తంలో ఐరన్ తక్కువగా ఉంటుంది, దానికి మందు ఉంది.

చివరిగా ఒక మనవి. మీ ఇంట్లో వాడుతున్న ఆ రెండు వాక్యాలు డైరీలో రాసి క్లాస్ టీచరుకు పంపండి. ఇంట్లో విన్న మాటే బడిలోనూ వినబడితే పిల్లవాడికి రెండు చోట్లా ఒకే నియమం ఉంటుంది, పేచీ పెట్టి పరీక్షించవలసిన పని తగ్గుతుంది.