మార్చి నెలాఖరున సెలవు అడగాల్సి వస్తే...

మార్చి నెల వస్తోందంటేనే బ్యాంకు ఉద్యోగినులకు గుండెల్లో రాయి పడుతుంది. ఇంట్లో పదో తరగతి పరీక్షలు, బ్యాంకులో ఏడాది లెక్కల ముగింపు రెండూ ఒకేసారి నెత్తిన పడతాయి. 2025లో అయితే మార్చి 30న ఉగాది, మర్నాడు 31న రంజాన్ వచ్చాయి. అయినా ప్రభుత్వ రాబడి, చెల్లింపులు చూసే బ్యాంకు శాఖలు 31న తెరిచే ఉండాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. అంతకు ముందు ఏడాది మార్చి 31 ఆదివారమైనా ఇదే తీరు. పండగే ఆగిపోయే చోట, "సార్, నాకు నాలుగు రోజులు సెలవు కావాలి" అని ఏ నోటితో అడగడం? అలా అడగలేకే చాలామంది రెండు తప్పుదార్లలో ఒకటి పడతారు. ఒకటి, అడగకుండా ఉండిపోయి ఇంట్లోవాళ్లకు దూరం కావడం. రెండోది, "ఒంట్లో బాగోలేదు" అని పొద్దున్నే ఫోను చేసి మానెయ్యడం.

ఈ రెండో దారి ఎందుకు బెడిసికొడుతుందో తెలియాలంటే ఆ చివరి వారంలో శాఖలో ఏం జరుగుతుందో చూడాలి. వడ్డీ లెక్కలు ఇప్పుడు కంప్యూటరే వేసేస్తుంది. మనిషి చెయ్యాల్సిన పని వేరే. మామూలు నెలవారీ వాయిదాల అప్పు 90 రోజులు దాటి బాకీ పడితే నిరర్థక ఆస్తి కింద లెక్క. మార్చి 31 రాత్రికి ఆ వాయిదా జమ కాకపోతే శాఖ లెక్కల్లో అది మచ్చగా మిగులుతుంది. అందుకే ఆ వారమంతా బాకీదార్లకు ఫోన్లు, ఇళ్ల చుట్టూ తిరగడాలు. తాత్కాలిక పద్దుల్లో తేలకుండా ఉన్న మొత్తాలను తేల్చాలి. నగదు లెక్కపెట్టి సరిచూడాలి. ఏప్రిల్లో ఆడిటర్లు వచ్చి అప్పుల ఫైళ్లు ఒక్కొక్కటే అడుగుతారు. అంటే ఆ రోజుల్లో మనం రాకపోతే పని ఆగిపోదు. మన వంతు ఇంకొకరి నెత్తిన పడుతుంది, వాళ్లు రాత్రి పదింటి దాకా కూర్చోవాలి. సెలవు అడిగేటప్పుడు దాచకుండా ఒప్పుకోవలసింది ఈ సంగతినే.

ఉదాహరణకు ఎనిమిది మంది పనిచేసే ఓ పట్టణ శాఖ అనుకుందాం. అక్కడ అప్పుల ఫైళ్లు చూసే అకౌంటెంటు ఓ మహిళ. నగదు గదికి ఉండే రెండు తాళంచెవుల్లో ఒకటి ఆమె దగ్గరే ఉంటుంది. మార్చి 22న వాళ్లమ్మ స్నానాల గదిలో జారిపడింది, తుంటి ఎముక విరిగింది. 24న ఆపరేషన్. బెంగళూరులో ఉన్న అన్నయ్య 28కి గానీ రాలేడు.

ఇక్కడ మొదట తేల్చుకోవలసింది, ఇది ఆగే పనా, ఆగని పనా అన్నది. కంటి శుక్లాల ఆపరేషన్ అయితే సాధారణంగా డాక్టరుతో మాట్లాడి ఏప్రిల్ నెలాఖరుకు జరుపుకోవచ్చు. తుంటి ఎముక ఆగదు. అమ్మాయి పరీక్షల సంగతి మరోటి. వాటి తేదీలు నెలల ముందే పేపర్లో వస్తాయి. వాటికి సెలవు మార్చి 20న అడిగితే మేనేజరు మొహం చిట్లించడంలో తప్పు లేదు, అది జనవరిలోనే చెప్పి పెట్టుకోవలసిన మాట. ఆగని పని అని తేలాక మాత్రం నసగకూడదు.

ఆమె చీటీ ఇలా రాయవచ్చు: "మా అమ్మగారికి తుంటి ఎముక విరిగి 24న ఆపరేషన్ జరుగుతుంది. 23 నుంచి 28 దాకా సెలవు కోరుతున్నాను. ముగింపు వారంలో నేను లేకపోతే బకాయిల వసూలు, ఫైళ్ల పని మిగతావారి మీద పడుతుందని నాకు తెలుసు. 31న రాగలనో లేదో ఇప్పుడే మాట ఇవ్వలేను. 28 సాయంత్రం ఫోను చేసి చెబుతాను. ఆసుపత్రిలో ఉన్నా రోజూ సాయంత్రం 6 గంటలకు ఒకసారి ఫోనుకు దొరుకుతాను."

"తెలుసు" అన్న వాక్యం ఒక్కసారి చాలు. పది క్షమాపణలు చెబితే మనం తప్పు చేస్తున్నట్టుంటుంది. ఇక "31న తప్పక వస్తాను సార్" అనే మాట వినడానికి బాగుంటుంది గానీ, దాన్ని నమ్ముకుని మేనేజరు వేరే మనిషిని అడగడు. ఆ రోజు మనం రాలేకపోతే అసలు చిక్కు అప్పుడే. 28న చెబుతానంటే, పక్క శాఖ నుంచి ఒకరిని పిలిపించుకోవడానికి ఆయనకు కాస్త వ్యవధి దొరుకుతుంది.

చీటీ ఇచ్చాక తాళంచెవి అప్పగించాలి, అదీ తాళాల రిజిస్టరులో టైము వేసి, ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ సంతకాలు చేసి. ఒంట్లో బాగోలేదని మానేస్తే తాళంచెవి ఇంట్లోనే ఉండిపోతుంది. పది గంటలకు నగదు గది తెరుచుకోదు, కౌంటర్ ముందు జనం, అటెండరు స్కూటరేసుకుని మనింటికి. అప్పుడు అబద్ధం బయటపడడానికి ఆడిటరు రానక్కర్లేదు.

పాస్‌వర్డు సంగతి ఇంకా పెద్దది. "నా ఐడీతో నువ్వే పాస్ చేసెయ్యమ్మా" అని కొలీగుకు చెప్పి వెళ్లడం మన దగ్గర సాయం కింద చెలామణీ అవుతోంది. బ్యాంకులో ఒకరు నమోదు చేసింది మరొకరు ఆమోదించాలన్న నియమం పెట్టిందే మోసం పట్టడానికి. మనం ఆసుపత్రిలో ఉన్న రోజున మన ఐడీతో లావాదేవీ నడిచిందని ఆడిటరు చూస్తే సంజాయిషీ ఇచ్చుకోవలసింది మనమే. సెలవు రోజులకు ఐడీని ఆపించి, ఆ అధికారం ఎవరికివ్వాలో మేనేజరు చేతే రాయించుకోవడం మేలు.

అసలు భయం మరొకటుంది. చేతిలో ఏదో లొసుగున్న ఫైలుంటుంది. సంతకం పడని హామీ పత్రమో, తేలని పద్దో. సెలవుకు ముందు దాన్ని చెప్పబుద్ధి కాదు. మనం లేనప్పుడు ఆడిటరు చేతికి చిక్కితే మాత్రం "అందుకే సెలవు పెట్టింది" అంటారు. వెళ్లేముందు తేలని పనుల జాబితాలో దాన్ని మొదట రాస్తే ఆ మాటకు చోటుండదు. జాబితా పెద్దది కానక్కర్లేదు. ఏ ఖాతా, ఏం మిగిలింది, ఎవరికి అప్పగించాం, ఇవి చాలు.

"సెలవు హక్కు కాదమ్మా" అని మేనేజరు అనవచ్చు. నిజమే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1972 సెలవు నియమావళిలోనూ ఆ మాట ఉంది. పని అవసరాన్ని బట్టి సెలవు నిరాకరించవచ్చని కూడా ఉంది. కానీ అదే నియమం, ఉద్యోగి రాతపూర్వకంగా కోరితే తప్ప, అడిగిన సెలవును అధికారి మరో రకం సెలవుగా మార్చడానికి వీల్లేదంటుంది. ఇక ఒక మనిషి నాలుగు రోజులు లేకపోతే శాఖ కుదేలైతే ఆ లోపం ఆ మనిషిది కాదనే నా అభిప్రాయం. కీలకమైన చోట్ల పనిచేసేవారిని ఏడాదికోసారి, ముందు చెప్పకుండా, కనీసం పది పనిదినాలు సెలవు మీద పంపాలని బ్యాంకులకు రిజర్వు బ్యాంకు 2021లో చెప్పింది. మోసాలు బయటపడాలనే ఆ ఏర్పాటు. ఏడాది మధ్యలో అది సరిగ్గా జరిగిన శాఖలో, ఆ కుర్చీలో కూర్చోగల మరో మనిషి మార్చికి ఉండే ఉంటుంది. నిరాకరిస్తే మటుకు జవాబు రాతలో ఇమ్మని మర్యాదగా అడగాలి.

పనితీరు మార్కులు వేసేదీ ఈ రోజుల్లోనే కనుక, నెలాఖరున లేనందుకు ఏడాది పనంతా తుడిచిపెట్టుకు పోతుందని దిగులు. దానికి సెలవు చీటీతోనే స్వీయ నివేదిక కూడా పూర్తి చేసి ఇవ్వడం మంచిది, ఎన్ని ఖాతాలు వసూలయ్యాయో తేదీలతో సహా రాసి. ప్రభుత్వోద్యోగుల వార్షిక నివేదికలో ఏ గ్రేడు వేసినా, మంచిదైనా చెడ్డదైనా, వారికి తెలియజేయాలని సుప్రీంకోర్టు 2008లో దేవదత్ కేసులో తీర్పు చెప్పింది. తక్కువ వేశారనిపిస్తే విన్నవించుకోవచ్చు. అప్పుడు ఆమె చూపించడానికి తేదీతో ఉన్న సెలవు చీటీ, సంతకాలున్న తాళాల రిజిస్టరు, అప్పగించిన జాబితా ఉంటాయి.