కోత దాచితే అది అబద్ధమే

పోలవరం ముంపు ఊళ్ళో ఒక పెద్దమ్మ యాభై నిమిషాలు మాట్లాడింది. టీవీలో ఐదు నిమిషాలొచ్చింది. కుదించడం తప్పు కాదు. ఎక్కడ కోశారన్నదే మా గొడవ.

ఆమె అన్నది: "ఊరు ఖాళీ చేస్తాం, కానీ ముందు భూమికి భూమి చూపించాలి. చూపించకపోతే కదలం."

టీవీలో వినబడింది: "ఊరు ఖాళీ చేస్తాం." ఆ వెంటనే గోదారి, పడవ, కొమ్ము డాన్సు. ఇంటర్వ్యూ మీద కప్పే ఈ బొమ్మల్నే బీ-రోల్ అంటారు. అవి లేకుంటే కోసిన చోట ఆమె తల ఒక్కసారి ఎగిరినట్టు కనబడేది, దొంగతనం దొరికిపోయేది.

చెవి పెడితే ఇప్పటికీ దొరుకుతుంది. "చేస్తాం" దగ్గర గొంతు కిందికి దిగలేదు, ఇంకా మాట ఉందన్నట్టు పైనే ఆగింది. వెనక కోడి కూత సగంలో తెగింది.

కెమెరా పట్టిన మన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈ పని మనం చెయ్యొద్దు. ముందు మాటంతా రాసుకోండి. తడబాటు, దగ్గు, చెప్పిందే చెప్పడం తియ్యండి, అక్కడ అడవి బొమ్మ వేసుకోండి. "కానీ", "అయితే", "లేకపోతే" ఉన్న మాటను మాత్రం కొయ్యకండి. అక్కడ ముఖమే చూపించండి. దూరంగా ఉన్న రెండు మాటలు కలిపితే మధ్యలో ఒక నల్ల ఫ్రేమ్ పెట్టండి, కోత కనబడనీ. పోస్టు చేసేముందు ఆమెకే చూపించి, కోయలోనే అడగండి: నువ్వన్నది ఇదేనా?

షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభను గానీ తగిన స్థాయి పంచాయతీని గానీ సంప్రదించాలని 1996 పీసా చట్టం చెబుతోంది. మా ఒప్పుకోలు అక్కడ అడగండి. ఎడిటింగ్ రూములో తయారు చెయ్యకండి.