మూడు శాతమా, మూడు పాయింట్లా?

పైడిభీమవరం మందుల కంపెనీలో పనిచేసేవారి బోనస్‌కైనా, గరివిడి, బొబ్బిలి ఫెర్రో అల్లాయ్స్ పరిశ్రమలు అడిగే కరెంటు రాయితీకైనా చివరికి ఆధారం కంపెనీ లెక్కలే. సెప్టెంబరు నెలాఖరులోగా సర్వసభ్య సమావేశాలు జరగాలి కనుక, ఆ లెక్కలు ఏటా వార్షిక నివేదికల రూపంలో బయటికొస్తాయి. అలాంటి నివేదికలో ‘లాభాల మార్జిన్ 3 శాతం తగ్గింది’ అని రాసి ఉంటే చదివేవారు ఏమనుకోవాలి? మార్జిన్ 8 శాతం నుంచి 5 శాతానికి పడిపోయిందనా, లేక 8 నుంచి 7.76కు తగ్గిందనా? మొదటిది మూడు పాయింట్ల పతనం. అంటే పాత మార్జిన్‌లో 37.5 శాతం ఎగిరిపోయింది. రెండోదే నిజంగా 3 శాతం తగ్గుదల. మొదటిది జరిగినప్పుడు రెండోదానికి సరిపోయే మాట రాయడాన్ని అచ్చుతప్పుగా కొట్టిపారేయలేం.

ఎందుకంటే ఈ తేడా మీద ఒక చట్టపరమైన బాధ్యత ఆధారపడి ఉంది. 2021 మార్చిలో కంపెనీల చట్టంలోని మూడో షెడ్యూలును కేంద్రం సవరించింది. లాభాల నిష్పత్తి, అప్పుల నిష్పత్తి లాంటి కొన్ని ముఖ్యమైన నిష్పత్తులను రెండేళ్లకు పక్కపక్కన చూపాలని, వాటిలో ఏదైనా కిందటేడాదితో పోలిస్తే 25 శాతానికి మించి మారితే కారణం చెప్పి తీరాలని అది నిర్దేశించింది. లిస్టెడ్ కంపెనీలకు సెబీ అంతకు ముందే ఇలాంటి నిబంధన పెట్టింది. ఇక్కడ 25 శాతం అంటే నిష్పత్తి పాత విలువలో నాలుగో వంతు, అంతేగానీ పాతిక పాయింట్లు కాదు. మార్జిన్ 8 నుంచి 5కు పడితే మార్పు 37.5 శాతం కాబట్టి వివరణ తప్పనిసరి. దాన్ని ‘3 శాతం’ అని రాసుకుంటే గీత దాటనట్టే కనిపిస్తుంది, వివరణ గడి ఖాళీగా మిగిలిపోతుంది. కూడికలూ తీసివేతలూ అన్నీ సరిగ్గానే ఉంటాయి కనుక ఆడిటర్ కన్ను కూడా దాని మీద పడకపోవచ్చు.

ఈ పొరపాటు కొలత ఎంత ఉంటుందో చూడటానికి తెలుగు నేల మీదే ఒక పాత లెక్క ఉంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖలో కొన్ని అంకెలు ఇచ్చారు. 2008 సెప్టెంబరు త్రైమాసికంలో కంపెనీ ప్రకటించిన ఆదాయం 2,700 కోట్లు, నిర్వహణ లాభం 649 కోట్లు, అంటే ఆదాయంలో 24 శాతం. అసలు ఆదాయం 2,112 కోట్లు, అసలు లాభం 61 కోట్లు, అంటే 3 శాతం. అక్కడ జరిగింది మోసం, శాతాల గందరగోళం కాదు. అయినా తిరిగి లెక్కగట్టడం నేర్చుకోవాలంటే ఆ నాలుగు అంకెలను మించిన పాఠం దొరకదు.

చెప్పిన ఆదాయానికి, అసలు ఆదాయానికి తేడా 588 కోట్లు. చెప్పిన 2,700తో భాగిస్తే అది దాదాపు 22 శాతం. ఇక మార్జిన్ 24 నుంచి 3కు దిగింది, తేడా 21. ఆదాయంలో 22, మార్జిన్‌లో 21 అని పక్కపక్కన రాసి రెండింటికీ ‘శాతం’ తగిలిస్తే, రెండూ ఒకే మోతాదులో తగ్గాయని ఎవరైనా నమ్ముతారు. మార్జిన్ నిజంగా 21 శాతమే తగ్గి ఉంటే 24లో 21 శాతం పోయి దాదాపు 19 మిగలాలి. 2,112 కోట్ల ఆదాయం మీద 19 శాతం అంటే సుమారు 400 కోట్ల లాభం. ఉన్నది 61 కోట్లు. ఒక్క మాట మారడంతో 340 కోట్లు లేచి కూర్చుంటాయి! నిజానికి తగ్గింది 21 పాయింట్లు. మార్జిన్‌లో అది 87.5 శాతం పతనం.

అదే లెక్కలో ఇంకొకటి బయటపడుతుంది. లాభాల తేడా కూడా 649లోంచి 61 తీసేస్తే సరిగ్గా 588 కోట్లే. లేని ఆదాయం చూపారు, దానికి తగిన ఖర్చు చూపలేదు, అందుకే మొత్తమంతా లాభంగా తేలింది. శాతాల దగ్గరే ఆగిపోతే ఈ సంగతి కనిపించదు, రూపాయల్లోకి వెళ్తేనే కనిపిస్తుంది. దేనితో భాగించామన్నదీ చూసుకోవాలి. అదే 588ని అసలు ఆదాయం 2,112తో భాగిస్తే 22 శాతం కాస్తా దాదాపు 28 అవుతుంది. రెండూ సరైనవే, కానీ ఏది ఆధారమో చెప్పకుండా ఏదో ఒకటి ఏరుకోవడం సరికాదు.

మన దగ్గర ఇది ఎక్కువగా గుచ్చుకునేది ఫెర్రో అల్లాయ్స్‌లో. ఆ కొలిమిలకు కరెంటే పెద్ద ఖర్చు. ఒక ఫ్యాక్టరీ మొత్తం ఖర్చు ఒక ఏడాది 100 కోట్లు, అందులో కరెంటు 40 కోట్లు అనుకుందాం. మరుసటి ఏడాది ఉత్పత్తి తగ్గి మొత్తం ఖర్చు 80 కోట్లకు దిగింది, కరెంటు బిల్లు 35 కోట్ల 20 లక్షలైంది. ఖర్చులో కరెంటు వాటా 40 నుంచి 44 శాతానికి పెరిగింది. యాజమాన్యం ‘కరెంటు ఖర్చు 4 శాతం పెరిగింది’ అని వినతిపత్రంలో రాస్తుంది. పెరిగింది వాటా, అదీ నాలుగు పాయింట్లు. చెల్లించిన బిల్లు మాత్రం 12 శాతం తగ్గింది. యూనిట్ రేటు నిజంగానే పెరిగి ఉండొచ్చు, రాయితీ అవసరమూ ఉండొచ్చు. అలాగైతే యూనిట్ రేటు, వాడిన యూనిట్లు, కట్టిన బిల్లు చూపించి అడగాలి. వాటా మారిన అంకెను ధర పెరిగిన అంకెగా చూపి ప్రజల సొమ్ము అడిగితే ప్రభుత్వం ఆ కాగితాన్ని వెనక్కి పంపాలి.

కార్మికుల వైపు నుంచి చూస్తే ఇదే తికమక బోనస్ చర్చల్లో ఎదురవుతుంది. చట్టం ప్రకారం బోనస్ కనీసం 8.33 శాతం, గరిష్ఠం 20 శాతం. బోనస్‌ను 10 నుంచి 12కు పెంచి ‘2 శాతం పెంచాం’ అంటారు. లెక్కకు తీసుకునే ఏడాది జీతం 84,000 రూపాయలైతే బోనస్ 8,400 నుంచి 10,080కి చేరాలి, అంటే 1,680 రూపాయల పెంపు. ఒప్పందంలో ‘పాత బోనస్‌పై 2 శాతం’ అని చదువుకునే వీలు మిగిలితే చేతికొచ్చే పెంపు 168 రూపాయలే. పదో వంతు! నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికుడికైనా, ఎచ్చెర్ల ఫ్యాక్టరీలో షిఫ్టు చేసేవారికైనా ఆ తేడా చిన్నది కాదు.

ఒక ఇబ్బంది ఉన్న మాట నిజమే. కిందటేడాది నష్టంలో ఉండి ఈసారి లాభంలోకి వచ్చిన కంపెనీకి శాతం మార్పు లెక్కగట్టినా దానికి అర్థం ఉండదు. మార్జిన్ 0.4 నుంచి 0.8కి చేరితే ‘నూరు శాతం వృద్ధి’ అని చాటుకోవచ్చు, అదీ అబద్ధం కాదు. ఇలాంటి చోట్ల పాయింట్లే వాడాలి, అసలు రూపాయలు పక్కనే వేయాలి.

కాబట్టి మా డిమాండ్ స్పష్టం. శాతంలో ఉన్న ఏ సంఖ్య మారినా కంపెనీ నివేదిక పాత విలువ, కొత్త విలువ, పాయింట్ల తేడా మూడూ ముద్రించాలి. శాతం మార్పు కూడా ఇస్తే దేనిపై లెక్కగట్టారో రాయాలి. ఆడిటర్లు నిష్పత్తుల పట్టికలోని మార్పు గడిని ఆ రెండు విలువల నుంచి తామే మళ్లీ లెక్కగట్టాలి, 25 దాటిన ప్రతి చోటా వివరణ ఉందో లేదో చూశాకే సంతకం చేయాలి. వివరణ లేని పత్రాలపై కంపెనీల రిజిస్ట్రార్ నోటీసు ఇవ్వాలి. శ్రీకాకుళం, విజయనగరం కార్మిక శాఖ అధికారులు తమ ఎదుట కుదిరే బోనస్ ఒప్పందాల్లో ‘ఇంత శాతం పెంపు’ అన్న మాటను అంగీకరించకూడదు. 10 ఉన్నది 12 అయితే పదీ పన్నెండూ రాయించాలి, 84,000 జీతానికి ఎన్ని రూపాయలో కింద వేయించాలి.