ఆ నాలుగంకెలే అసలు గుట్టు

ఊళ్లో గోడమీద అంటించే లబ్ధిదారుల జాబితాలో ఖాతా నంబరు చివరి నాలుగంకెలు మాత్రం చూపి, మిగతావి చుక్కలతో కప్పేస్తే భద్రమేనని అధికారులు అనుకుంటారు. ఊరి జాబితా విషయంలో అది తప్పు. చాలా బ్యాంకుల్లో ఖాతా నంబరు శాఖ కోడ్‌తో మొదలవుతుంది. ఒక గ్రామంలో నలభై మంది పొదుపు సంఘం మహిళలకు ఒకే శాఖలో, ఒకే రోజున, వరుస నంబర్లతో ఖాతాలు తెరిచారనుకోండి. అప్పుడు ముందున్న అంకెలన్నీ అందరివీ ఒకటే; తేడా ఉండేది చివరి నాలుగింటిలోనే. అంటే ఎవరి పాస్‌బుక్కైనా ఒక్కటి చూసినవాడు, జాబితా పక్కన పెట్టుకుని నలభై నంబర్లూ పూర్తిగా రాసేయగలడు. తర్వాత ఫోన్‌లో పేరు, ఊరు, పూర్తి ఖాతా నంబరు తప్పుల్లేకుండా చెబితే ఆ మహిళలు బ్యాంకువాళ్లేనని నమ్మి ఓటీపీ చెప్పేయరా? ఖాతాదారు ఒక్కరే చూసుకునే తెరపై, తన రెండు ఖాతాల్లో ఏది ఏదో గుర్తుపట్టడానికి చివరి నాలుగంకెలు చాలా ఉపయోగపడతాయి. అందరూ చూసే గోడమీద మాత్రం వాటికి పనిలేదు. అక్కడ సభ్యత్వ సంఖ్య వేయండి, డబ్బు జమైందో లేదో చెప్పండి. ఖాతా నంబరులో ఒక్క అంకె కూడా అచ్చు వేయకండి.