ఆ పచ్చ అంకె లాభం కాదు

గుంటూరు మిర్చి యార్డులో రైతు పట్టీ అందుకోగానే కమీషనెంత, హమాలీ ఎంత కోశారో చూస్తాడు. అన్నీ పోగా చేతికొచ్చిందే అతని లెక్కలో ధర. అదే రైతు కొడుకు ఫోన్‌లో షేర్లు కొని, తెర మీద పచ్చగా కనిపించే అంకెనే లాభమని నమ్ముతున్నాడు. అలా నమ్మించే యాప్‌ల మీద నాకు కోపం.

లెక్క చూడండి. ఒక చిన్న కంపెనీ షేరును కొనేవాళ్లు 199 ఇస్తామంటున్నారు, అమ్మేవాళ్లు 201 అడుగుతున్నారు. మనవాడు 201 చొప్పున 200 షేర్లు కొన్నాడు. రెండు వారాలకు ఆ ధరలు 203, 205 అయ్యాయి. చివరి లావాదేవీ 205 దగ్గర జరిగింది కాబట్టి యాప్ 800 లాభం చూపించింది. అమ్మబోతే కొనేవాడు ఇచ్చేది 203. సగం లాభం అక్కడే పోయింది. ఈ కోత ఏ కాంట్రాక్ట్ నోట్‌లోనూ కనిపించదు.

మిగిలిన 400 లోంచి బ్రోకరేజి పోవాలి. రెండువైపులా 0.3 శాతం చొప్పున 242 రూపాయలు. కొన్నప్పుడు, అమ్మినప్పుడు 0.1 శాతం చొప్పున లావాదేవీ పన్ను, అంటే ఎస్‌టీటీ, 81. జీఎస్టీ, స్టాంపు డ్యూటీ, ఎక్స్ఛేంజి రుసుము, డీమ్యాట్ ఛార్జీ కలిపి సుమారు 71. చివరికి మిగిలింది 6 రూపాయలు!

అన్యాయం అక్కడితో ఆగదు. మూలధన లాభం లెక్కలో బ్రోకరేజిని తీసేయనిస్తారు కానీ, ఎస్‌టీటీని తీసేయనివ్వరు. కాబట్టి చట్టం దృష్టిలో అతని లాభం కనీసం 87 రూపాయలు. పన్ను పరిధిలో ఉన్నవాడైతే స్వల్పకాలిక లాభం మీద 20 శాతం, అంటే 17 రూపాయలు కట్టాలి. లాభం 6, దాని మీద పన్ను 17! 2004లో దీర్ఘకాలిక లాభాలకు పన్ను మినహాయించి, దానికి బదులుగా ఎస్‌టీటీ తెచ్చారు. 2018లో ఆ మినహాయింపు తీసేశారు. ఎస్‌టీటీని మాత్రం ఉంచేశారు. దీన్ని మాట తప్పడమనే అంటాను.

బ్రోకరేజి లేని ఖాతా ఉంటే మన ఉదాహరణలో దాదాపు 292 రూపాయలు మిగులుతాయి. కానీ కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఉన్న ఆ 2 రూపాయల తేడాను ఏ ఉచిత ఖాతా తీర్చదు. లావాదేవీలు పలచగా జరిగే చిన్న షేర్లలో అది మరీ ఎక్కువ. అందుకే ఆర్డరు పెట్టేముందు రెండు ధరలూ చూడండి. మార్కెట్ ఆర్డరు వదిలి, మీ ధర మీరే రాసి లిమిట్ ఆర్డరు పెట్టండి. అది అమలు కాకపోవచ్చు. అయినా చెప్పిన ధరకన్నా ఎక్కువకు కొనాల్సిన గతి పట్టదు.

యాప్‌లను నేను అడిగేది ఒక్కటే. ఇప్పుడు అమ్మితే కొనేవాడిచ్చే ధరకు, ఖర్చులన్నీ పోగా, ఖాతాలో ఎంత పడుతుందో పచ్చ అంకె పక్కనే చూపించండి. రేట్లన్నీ మీ దగ్గరే ఉన్నాయి. చూపించకపోవడానికి సాకు లేదు.