పదహారు కంటే పావు చిన్నదే, అయితే?

“మేడమ్, రిపోర్టులో మెరోపెనెమ్ ఎందుకు వెయ్యలేదు? ఫుల్ ప్యానెల్ పంపించండి.”

మైక్రోబయాలజీ ల్యాబుకి వార్డు నుంచి ఫోనొచ్చిందంటే చాలాసార్లు ఇదే మాట. పేషెంటుకి ఎలా ఉందో చెప్పరు, మేం అడిగినా చెప్పే తీరిక ఉండదు. కింద మేం రాసిన రెండు వాక్యాలు చదివారా అంటే అవతల మౌనం. కడుపు మండిపోతుంది.

ఆ ఫోను వెనక ఉన్నావిడకి అరవై రెండేళ్లు. షుగరుంది. మూత్రం పోస్తే మంట, పదేపదే వెళ్లాల్సి రావడం. జ్వరం లేదు, నడుం పక్కన నొప్పి లేదు, వాంతులు లేవు. క్రియాటినిన్ 0.9. ఇన్‌ఫెక్షన్ మూత్రాశయం దగ్గరే ఉంది, కిడ్నీకి ఎక్కలేదు అనడానికి ఇంతకంటే ఏం కావాలి? బయట రాసిచ్చిన సెఫిక్సిమ్ మాత్రలతో తగ్గలేదని అడ్మిట్ చేసుకున్నారు. శాంపిల్ మాత్రం పద్ధతిగానే తీశారు, ఆ పుణ్యం డ్యూటీలో ఉన్న నర్సుది. మధ్యధార మూత్రం పట్టి, గంటలోపు మాకు చేర్చింది. సూక్ష్మదర్శిని కింద చీముకణాలు నిండుగా కనిపించాయి. కల్చర్‌లో ఈ.కోలై ఒక్కటే, మిల్లీలీటరుకి లక్షకు పైగా పెరిగింది. ఈఎస్‌బీఎల్ రకం. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటి మందుల్ని విరగ్గొట్టే ఎంజైము తయారుచేసుకుంటుంది. మాత్రలెందుకు పనిచేయలేదో అక్కడే తెలిసిపోయింది.

రిపోర్టులో సెఫ్ట్రియాక్సోన్ ఆర్, సిప్రోఫ్లాక్సాసిన్ ఆర్, నైట్రోఫ్యూరంటాయిన్ ఎస్, ఫాస్ఫోమైసిన్ ఎస్. మెరోపెనెమ్ కూడా పనిచేస్తుందని యంత్రం చూపించింది. కానీ రిక్విజిషన్ మీద సిస్టైటిస్ అని రాసి ఉంది, నోటి మందులు రెండు పనికొస్తున్నాయి. అందుకే దాన్ని కావాలనే బయటపెట్టలేదు. ‘మూత్రాశయ ఇన్‌ఫెక్షనే అయితే నైట్రోఫ్యూరంటాయిన్ చాలు, జ్వరం, నడుం నొప్పి ఉంటే ల్యాబుతో మాట్లాడండి’ అని కింద రాశాం. తర్వాత ఆ ఫోను వచ్చింది. అడిగితే ఇవ్వక తప్పదు, ఇచ్చాం. నైట్రోఫ్యూరంటాయిన్ ఎంఐసీ ≤16. మెరోపెనెమ్ ఎంఐసీ ≤0.25. మర్నాడు పొద్దున రౌండ్స్‌లో మెరోపెనెమ్ రాసేశారు. ఒక గ్రాము, రోజుకి మూడుసార్లు, వారం రోజులు. పక్కనున్న కొడుక్కి వివరించింది కూడా అదేనట: “దీని నంబరే అన్నిటికంటే తక్కువుంది, అదే పవర్‌ఫుల్.”

చెంచాడు ఉప్పునీ గ్లాసుడు పప్పునీ పక్కపక్కన పెట్టి, తక్కువతో పనైంది కాబట్టి ఉప్పే గొప్పదని తేల్చినట్టుంది ఈ వైద్యం!

ఎంఐసీ అంటే ఏమిటో ఎంబీబీఎస్ రెండో ఏడాదిలోనే చెబుతారు. ఒక మందుని 0.25, 0.5, 1, 2, 4 ఇలా ప్రతి గుంటలోనూ రెట్టింపవుతూ పోయేలా కలుపుతారు. అన్నిట్లో ఒకే మోతాదులో బ్యాక్టీరియా వేసి, 35 డిగ్రీల దగ్గర పదహారు నుంచి ఇరవై గంటలు ఉంచుతారు. కంటికి పెరుగుదల కనిపించకుండా ఆపిన అతి తక్కువ గాఢత ఆ మందు ఎంఐసీ. ఒక మెట్టు అటూ ఇటూ కావడం ఈ పరీక్షలో మామూలే. కాబట్టి 1కీ 2కీ మధ్య తేడా చూసి గుండెలు బాదుకోనక్కర్లేదు. ముందున్న ≤ గుర్తుకి అర్థం ఇంకా సులువు: ఆ కార్డులో ఉన్న అతి తక్కువ గాఢతలోనే పెరగలేదు, అంతకంటే కింద మేం చూడలేదు. అంటే ఆ 16, ఆ 0.25 బ్యాక్టీరియా చెప్పిన అంకెలు కూడా కావు, కార్డు తయారుచేసినవాడు ఎక్కడ మొదలుపెట్టాడో చెప్పే అంకెలు. వాటిని పోల్చి మందు ఎంచుతున్నారు!

పోల్చాల్సింది ఒక మందు అంకెని ఇంకో మందు అంకెతో కాదు. ఆ మందుకే పెట్టిన బ్రేక్‌పాయింట్‌తో. సీఎల్ఎస్ఐ పట్టికలో ఈ.కోలైకి నైట్రోఫ్యూరంటాయిన్ 32 దాకా ఎస్. మెరోపెనెమ్ 1 దాకా ఎస్. ఎందుకంత తేడా? నైట్రోఫ్యూరంటాయిన్ మింగితే రక్తంలో దాదాపు నిలవదు, వడపోతలో మూత్రంలోకి చేరి అక్కడ చిక్కబడుతుంది. జబ్బున్నదే అక్కడ కాబట్టి 16 దానికి లెక్కలోది కాదు. మెరోపెనెమ్ రక్తంలో, కణజాలంలో పోరాడాల్సిన మందు, దాని కొలత వేరు. మందు డోసు, జబ్బున్న చోటికి చేరే గాఢత, వాడినప్పుడు రోగులు కోలుకున్న తీరు, ఇవన్నీ చూసే ఆ గీత గీశారు. గీతకి లోపలున్న రెండు మందుల్లో ఏది ఇవ్వాలో ఎంఐసీ చెప్పదు. జబ్బెక్కడుందో, కిడ్నీలెలా ఉన్నాయో, ఏది తక్కువ హాని చేస్తుందో చూసి మనిషి చెప్పాలి. ఆ మనిషి కోసమే మా ఎదురుచూపు.

నైట్రోఫ్యూరంటాయిన్ సర్వరోగ నివారిణి అని నేననడం లేదు. ఆవిడకే చలిజ్వరం వచ్చి నడుం పక్కన తాకితే నొప్పి ఉంటే, అదే కాగితం మీద అదే ఎస్ ఉన్నా ఆ మందు ఇవ్వకూడదు. కిడ్నీ కణజాలంలోకి, రక్తంలోకి అది చాలినంత చేరదు. కిడ్నీ పనితీరు బాగా పడిపోయినవాళ్లలో మూత్రంలోకీ సరిగా రాదు, పైగా ఒంట్లో పేరుకుని హాని చేస్తుంది. అప్పుడు మెరోపెనెమ్ అడగండి, మేమే ముందు ఫోన్ చేసి చెబుతాం. ఎస్ అన్న అక్షరాన్ని గుడ్డిగా నమ్మినా అంతే ప్రమాదం. ఇలాంటి ఈ.కోలై రక్తంలో ఉన్నప్పుడు పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ రిపోర్టులో ఎస్ అనే రావచ్చు. 2018లో వచ్చిన మెరినో ట్రయల్‌లో ఆ మందు ఇచ్చినవాళ్లలో నెల లోపు చనిపోయినవాళ్లు 12.3 శాతం, మెరోపెనెమ్ ఇచ్చినవాళ్లలో 3.7 శాతం. మెరోపెనెమ్‌ని దాచుకోవాల్సింది ఆ రోగి కోసం. రక్తపోటు పడిపోయి ఐసీయూలో ఉన్న ఆ మనిషి కోసం. మూత్రాశయంలో మంటకే దాన్ని వాడి, పేగుల్లోని కోట్ల బ్యాక్టీరియాని దానితో కడిగి, దానికి లొంగని వాటిని ఏరి పెంచుకుని, ఐసీయూలో అవసరమైన రోజున ‘మెరోపెనెమ్ ≥16, ఆర్’ అని మా చేత రాయించుకోవడానికా?

ఇంకో మాట కూడా అనేస్తాను, కోపమొచ్చినా సరే. మంట లేదు, జ్వరం లేదు, మోకాలి ఆపరేషన్‌కి ముందు ఊరికే మూత్రం కల్చర్‌కి పంపుతారు. ఏదో పెరుగుతుంది. పెరిగింది కాబట్టి యాంటీబయాటిక్! గర్భిణికీ, మూత్రనాళంలో పరికరం పెట్టి చేసే ఆపరేషన్ ముందరా తప్ప లక్షణాలు లేని బ్యాక్టీరియాకి మామూలుగా మందు అక్కర్లేదని ప్రతి మార్గదర్శకమూ చెబుతోంది. చదివేదెవరు?

ఆవిడకి రోజుకి రెండు చొప్పున అయిదు రోజులు, నైట్రోఫ్యూరంటాయిన్ వంద మిల్లీగ్రాముల మాత్రలు పది సరిపోయేవి. ఇంట్లో అన్నం తిని వేసుకునేది. బదులుగా వారం రోజులు చేతికి క్యాన్యులా, ఇరవై ఒక్క ఇంజెక్షన్లు. తగ్గింది, డిశ్చార్జ్ చేశారు, మెరోపెనెమ్ భలే పనిచేసిందని కొడుకు సంతోషంగా వెళ్లాడు. ఆ ఇంజెక్షన్లు ఎందుకివ్వాల్సి వచ్చిందో ఒక్క కారణం కేస్‌షీట్‌లో ఏ పేజీలో రాసి ఉందో నాకు చూపించండి.