బస్తా అంటే ఎన్ని కిలోలు?

“ముందు కోడ్ మొదలుపెట్టేయండి. తేడా ఉంటే టెస్టింగ్‌లో ఎలాగూ బయటపడుతుంది.” సాఫ్ట్‌వేర్ పనిలో చేరినప్పటి నుంచి ఈ మాట వింటూనే ఉన్నాను. మేనేజర్లు అంటారు, డెవలపర్లు అంటారు, చివరికి టెస్టర్లు కూడా అంటారు. రిక్వైర్‌మెంట్స్ పత్రం చేతికి రాగానే టెస్టర్ ప్రశ్నలు వేస్తే పని ఆగిపోతుందట. టెస్టర్ పని కోడ్ పూర్తయ్యాకే మొదలవుతుందట. ఈ అభిప్రాయం తప్పని పెద్దాపురంలో ఒక రైస్ మిల్లు కోసం చేసిన పనిలో నేను కళ్లారా చూశాను. అస్పష్టంగా రాసిన వాక్యం టెస్టింగ్‌లో బయటపడదు. టెస్టింగ్ దాటి, సీజన్ మధ్యలో, కాటా దగ్గర బయటపడుతుంది.

పని చిన్నదే. ఆ మిల్లు ధాన్యాన్ని రెండు దారుల్లో తీసుకుంటుంది. కొంత నేరుగా రైతుల దగ్గర కొంటుంది, కొంత ప్రభుత్వ కొనుగోలు కింద రైతు సేవా కేంద్రాల నుంచి వస్తుంది. రెండింటినీ ఒకే చోట నమోదు చేసే ప్రోగ్రాం కావాలన్నారు. మాకు వచ్చిన పత్రం రెండు పేజీలు. అందులో మూడు వాక్యాలు ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. వచ్చిన బస్తాల సంఖ్య నమోదు చేయాలి. తేమ 17 శాతం మించితే లోడు తీసుకోకూడదు. రైతుకు సొమ్ము 48 గంటల్లో అందాలి. చదివితే మూడూ తేటతెల్లంగానే ఉంటాయి. ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు.

ముందు తేమ సంగతి చెబుతాను. ప్రభుత్వ కొనుగోలులో నాణ్యమైన ధాన్యానికి తేమ గరిష్ఠ పరిమితి 17 శాతం. మిల్లు వాళ్లు అదే హద్దు పెట్టుకున్నారు. డెవలపర్ డేటాబేస్‌లో తేమ కాలమ్‌ను `INT` గా పెట్టాడు, అంటే పూర్ణాంకం. పత్రంలో ఉన్నది 17 కాబట్టి అతనికి అది సబబుగానే తోచింది. నేను పరీక్ష రాసేటప్పుడు అదే వాక్యం చూసి 15 ఇచ్చాను, తీసుకుంది. 20 ఇచ్చాను, తిప్పికొట్టింది. హద్దు మీద 17 ఇచ్చాను, తీసుకుంది. 18 ఇచ్చాను, తిప్పికొట్టింది. అన్నీ పాస్.

ఇప్పుడు మిల్లులో ఏం జరుగుతుందో చూడండి. లోడులో మూడు చోట్ల నుంచి గింజలు తీసి, తేమ మీటర్లో మూడుసార్లు చూస్తారు. మీటర్ ఒక దశాంశం వరకు చూపిస్తుంది. ఒక లోడుకు 16.8, 17.0, 17.6 వచ్చాయనుకోండి. సగటు 17.13. దాన్ని పూర్ణాంకంగా రాస్తే 17, లోడు లోపలికి వెళుతుంది. ఒక దశాంశం వరకు రాస్తే 17.1, లోడు వెనక్కి వెళుతుంది. మూడింటిలో పెద్దదే లెక్క అంటే 17.6, అప్పుడూ వెనక్కే. మధ్య రీడింగును తీసుకుంటే 17.0, లోపలికి. ఒకే ధాన్యం, ఒకే మీటర్, ఒకే వాక్యం. ఫలితాలు మాత్రం రెండు. మా ప్రోగ్రాం మాకెవరికీ తెలియకుండానే అందులో ఒకదాన్ని ఎంచుకుంది.

“టెస్టింగ్‌లో చూసుకుందాం” అనేవాళ్లు ఇక్కడే పొరపడుతున్నారు. పరీక్ష అంటే వచ్చిన జవాబును రావలసిన జవాబుతో పోల్చడం. రావలసిన జవాబు ఏదో ఎవరికీ తెలియనప్పుడు టెస్టర్ దేనితో పోలుస్తాడు? డెవలపర్ చదివిన వాక్యాన్నే తానూ చదువుతాడు, అతను అర్థం చేసుకున్నట్టే తానూ అర్థం చేసుకుంటాడు. ఇద్దరి ఊహలూ కలిస్తే పరీక్ష పాస్ అవుతుంది. ఊహలు కలవకపోతేనే లోపం కనిపిస్తుంది. అంటే అస్పష్టత బయటపడటం మన అదృష్టం మీద ఆధారపడి ఉందన్నమాట. అదృష్టాన్ని నమ్ముకుని చేసేదాన్ని పద్ధతి అనడానికి నేను ఒప్పుకోను.

బస్తా సంగతి ఇంకా పెద్దది. గోదావరి జిల్లాల్లో రైతు బస్తా అన్నాడంటే 75 కిలోలు. ఎకరానికి ఎన్ని బస్తాలు పండాయన్నా, కౌలు ఎన్ని బస్తాలన్నా అదే లెక్క. ప్రభుత్వ కొనుగోలు గోనె సంచిలో నింపే ధాన్యం 40 కిలోలు. ఈ మిల్లుకు రెండూ వస్తాయి. మా ప్రోగ్రాంలో మాత్రం “బస్తాలు” అని ఒకే గడి ఉంది. అందులో ఒక పూట రైతు బస్తాలు పడ్డాయి, మరో పూట గోనె సంచులు పడ్డాయి. ఏది ఏదో రాసుకునే చోటే లేదు. మేము ఇచ్చిన నమూనా డేటాతో పరీక్షిస్తే నిల్వ కచ్చితంగా సరిపోయింది, ఎందుకంటే మా నమూనాలో ఉన్నది ఒకే రకం బస్తా. 2024–25 సీజన్‌లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. ఆ ధరకు వంద రైతు బస్తాలంటే 75 క్వింటాళ్లు, 1,72,500 రూపాయలు. వంద గోనె సంచులంటే 40 క్వింటాళ్లు, 92,000 రూపాయలు. పత్రంలో ఒక్క మాట లేకపోవడం వల్ల వంద బస్తాలకు 80,500 రూపాయల తేడా.

వేబ్రిడ్జి చీటీలకూ తెర మీది నిల్వకూ పొంతన కుదరక మిల్లు వాళ్లు మమ్మల్ని పిలిచారు. గుమస్తా గారి బల్ల ముందు కూర్చున్నాం. తెర మీది అంకె చూపించి, వంద బస్తాలకు ఎంత బరువు రావాలండీ అని అడిగాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “ఏ బస్తా అండీ? రైతు బస్తానా, సర్కారు సంచా?” అని ఎదురడిగారు. కాస్త ఆగి, “అయినా మేం బస్తాలతో డబ్బు కట్టమండీ. కాటా బరువుకే కడతాం. బస్తాల లెక్క హమాలీ కూలికి” అన్నారు.

ఆ రెండో మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మేము వెతుకుతున్నది 75 సరైనదా, 40 సరైనదా అని. అసలు జవాబు రెండూ కాదు. డబ్బుకు ఆధారం కాటా బరువు, కూలికి ఆధారం బస్తాల సంఖ్య. పత్రంలో ఉన్న వాక్యం అస్పష్టమే కాదు, తప్పు కూడా. అది తెలియడానికి పట్టింది పది నిమిషాలు. కోడ్ రాయక ముందే ఆ పది నిమిషాలు ఆయన దగ్గర కూర్చుని ఉండాల్సింది.

అంటే పత్రం రాగానే “బస్తా గురించి స్పష్టత ఇవ్వగలరు” అని ఒక మెయిల్ పెడితే సరిపోయేదా? సరిపోదు. అలాంటి ప్రశ్నకు “మామూలుగా వాడే బస్తానే” అని జవాబు వస్తుంది, అందరూ సంతృప్తి పడతారు. ప్రశ్నను ఉదాహరణగా వేయాలి, అంకెలతో వేయాలి, రెండు జవాబులు ముందు పెట్టి ఒకటి ఎంచుకోమనాలి. “వంద బస్తాలు వచ్చాయి. తెర మీద 75 క్వింటాళ్లు కనిపించాలా, 40 కనిపించాలా?” ఇలా అడిగితే విషయం తెలిసినవాడు తప్పించుకోలేడు. తెలియనివాడు తనకు తెలియదని ఒప్పుకుని తెలిసినవాడి దగ్గరికి పంపుతాడు. రెండూ కాకపోతే, గుమస్తా గారిలాగా, అసలు సంగతి చెబుతాడు. కుదిరిన జవాబును ఆ ఉదాహరణతో సహా అక్కడే రాసి పెట్టాలి. కుకుంబర్ అనే పరీక్షా పనిముట్టు వాడే గెర్కిన్ భాషలో తెలుగు కీలక పదాలు కూడా ఉన్నాయి కాబట్టి, గుమస్తా గారు చదివి తల ఊపగలిగేలా తెలుగులోనే రాయొచ్చు. తేమ సంగతి తేలాక మేము రాసుకున్నది ఇది:

```
# language: te
గుణము: ధాన్యం తేమ తనిఖీ
  సన్నివేశం: సగటు హద్దుకు కాస్త పైన
    చెప్పబడినది మూడు రీడింగులు 16.8, 17.0, 17.6
    ఈ పరిస్థితిలో గుమస్తా లోడు నమోదు చేస్తే
    అప్పుడు లోడు "ఆరబెట్టాలి" జాబితాలో ఉండాలి
```

చివరి వరుస చూడండి. “తీసుకోకూడదు” అన్న మాట “ఆరబెట్టాలి” అయింది. లోడును వెనక్కి పంపరు, కళ్లంలో ఆరబెట్టి మళ్లీ చూస్తారు. ఇది కూడా పత్రంలో లేదు, ఉదాహరణ వేశాకే తెలిసింది.

48 గంటల వాక్యానికీ ఇదే పరీక్ష పెట్టాం. శుక్రవారం సాయంత్రం 5 గంటలకు కాటా అయింది, మర్నాడు రెండో శనివారం, బ్యాంకుకు సెలవు. సోమవారం ఉదయం సొమ్ము పడితే మన ప్రోగ్రాం తప్పినట్టా? అసలు బ్యాంకు చేసే పని మన ప్రోగ్రాం చేతిలో ఉందా? లేదు. మనం చేయగలిగింది చెల్లింపు జాబితాను వేళకు బ్యాంకుకు పంపడమే. వాక్యాన్ని అలాగే మార్చాం.

దీనికి ఎదురుచెప్పేవాళ్లు ఎజైల్ పేరెత్తుతారు. పత్రాలకన్నా పనిచేసే సాఫ్ట్‌వేర్ ముఖ్యమని 2001 నాటి ఎజైల్ మేనిఫెస్టో చెప్పిన మాట నిజమే. అదే మేనిఫెస్టో ఒప్పందాల బేరాలకన్నా కస్టమర్‌తో కలిసి పనిచేయడం ముఖ్యమని కూడా చెప్పింది. నేను అడుగుతున్నది మరో నలభై పేజీల పత్రం కాదు, గుమస్తాతో ఒక మధ్యాహ్నం. ఆలస్యంగా దొరికిన లోపం సరిదిద్దడానికి వంద రెట్లు ఖర్చవుతుందని చెప్పే లెక్కలను కూడా నేను ఆధారం చేసుకోను, వాటి మూలాల మీద వివాదం ఉంది. నా వాదనకు అవి అక్కర్లేదు. కోడ్‌ను ఎప్పుడైనా మార్చుకోవచ్చు. నిల్వ చేసిన డేటాను అలా మార్చలేం. ఏ బస్తానో రాయకుండా “100” అని దాచిన వరుసకు ఏ ప్యాచ్ వేసినా అర్థం తిరిగి రాదు.

అన్నీ ముందే తేలిపోతాయని నేను అనను. తెర చూడటానికి హాయిగా ఉండాలన్న కోరికను అంకెల్లో పెట్టలేం, దానికి కాగితం మీద తెర బొమ్మ గీసి చూపించడమే మేలు. పత్రంలోని ప్రతి పదానికీ ప్రశ్న వేస్తే ఎదుటివాడికి విసుగొచ్చి అసలు ప్రశ్నకూ జవాబివ్వడు. అందుకే నేను మూడు చోట్లే పట్టుబడతాను: డబ్బు మారే చోట, కొలత ఉన్న చోట, డేటాబేస్‌లో శాశ్వతంగా పడే చోట. అక్కడ అవును, కాదు అని చెప్పగలిగే ఉదాహరణ ఒక్కటైనా లేని వాక్యాన్ని డెవలపర్ చేతికి ఇవ్వకూడదు.

మేము కొత్త గడులు పెట్టాం, పాత చీటీలు తీసి వరుసలు సరిదిద్దాం. చీటీలు దొరకని వరుసలు కొన్ని మిగిలిపోయాయి. ఆ మిల్లు డేటాబేస్‌లో వాటి పక్కన ఇప్పటికీ “బస్తా రకం తెలియదు” అని ఉంటుంది.